బుఖారీలో 1, ముస్లింలో 1907: ఒకే హదీసుకు రెండు చిరునామాలు

"కర్మలు సంకల్పాలను బట్టే." ఈ హదీసును వాట్సాప్ పోస్టర్ల మీద, పెళ్లి శుభలేఖల మీద, మదరసా గోడల మీద చూసే ఉంటారు. కింద చిన్న అక్షరాల్లో "బుఖారీ: 1, ముస్లిం: 1907" అని ఉంటుంది. మాట ఒకటే, చెప్పింది ప్రవక్త ముహమ్మద్ (స), విని అందించింది ఆయన సహచరుడు ఉమర్ (ర). మరి ఒక పుస్తకంలో మొట్టమొదటి హదీసు, ఇంకో పుస్తకంలో దాదాపు రెండు వేల తర్వాత ఎందుకు వచ్చింది? ఈ రెండు అంకెలను పట్టుకుని వెళ్తే, సున్నీ ముస్లింలు ఖుర్ఆన్ తర్వాత అత్యంత నమ్మకమైనవిగా ఎంచే రెండు గ్రంథాలూ ఎంత వేర్వేరుగా ఆలోచించాయో తెలుస్తుంది. (షియాలకు వేరే హదీసు గ్రంథాలున్నాయి. ఇక్కడ మాట్లాడేది సున్నీ సంప్రదాయం గురించి.)

ముందు మనుషుల గురించి కాస్త. ముహమ్మద్ ఇబ్న్ ఇస్మాయీల్ క్రీ.శ. 810లో, ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న బుఖారా నగరంలో పుట్టారు. ఆ ఊరి పేరే ఆయన పేరైంది. 870లో సమర్‌ఖంద్ దగ్గరి ఒక పల్లెలో చనిపోయారు. ముస్లిం ఇబ్న్ హజ్జాజ్ ఇరాన్‌లోని నైషాపూర్ వాసి, వయసులో చిన్నవారు, 875లో పోయారు. "ముస్లిం" అనేది ఇక్కడ మతం పేరు కాదు, ఆయన సొంత పేరు. తెలుగులో మొదటిసారి చదివేవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. ఇద్దరూ సమకాలికులు, ఇద్దరికీ చాలామంది ఉమ్మడి గురువులు, పైగా బుఖారీ దగ్గర ముస్లిం నేర్చుకున్నారు కూడా.

ఇక హదీసు అంటే రెండు ముక్కలు. ఒకటి అసలు మాట, దాన్ని మతన్ అంటారు. రెండోది ఆ మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే పేర్ల గొలుసు, అది సనద్. "సహీహ్" అని ముద్ర వేయాలంటే ఈ గొలుసు ఎక్కడా తెగకూడదు. అందులోని ప్రతి మనిషీ నిజాయితీపరుడై ఉండాలి, విన్నది విన్నట్టు పట్టుకునే శక్తి ఉన్నవాడై ఉండాలి, తనకంటే నమ్మకస్తులు చెప్పినదానికి అడ్డంగా పోకూడదు, పైకి కనిపించని లోపమేదీ దాగి ఉండకూడదు. ఇంతవరకూ ఇద్దరికీ పేచీ లేదు. తేడా అంతా దీన్ని ఎలా అమలు చేయాలనే దగ్గరే వచ్చింది.

సంకల్పాల హదీసు బుఖారీలో ఒక్కచోట కాదు, ఏడుచోట్ల ఉంది. గ్రంథం తెరవగానే దైవవాణి ఎలా మొదలైందనే అధ్యాయంలో కనిపిస్తుంది. మళ్లీ విశ్వాసం అధ్యాయంలో వస్తుంది. తర్వాత బానిసల విముక్తి దగ్గర, నోరుజారి "నిన్ను విడిపించాను" అన్నవాడి మాట చెల్లుతుందా అనే ప్రశ్న కింద ప్రత్యక్షమవుతుంది. మదీనా వలస గురించి చెప్పేచోట, పెళ్లి అధ్యాయంలో, ప్రమాణాలు మొక్కుబళ్ల అధ్యాయంలో కూడా ఉంది. చివరిగా "హియల్" అనే అధ్యాయంలో వస్తుంది. హియల్ అంటే చట్టాన్ని పైకి పాటిస్తూనే దాని ఉద్దేశానికి గండికొట్టే ఎత్తులు. బుఖారీకి ఇలాంటివంటే ఒళ్లు మంట. ఆ అధ్యాయంలో "కొందరు ఇలా అంటారు" అంటూ పేరు చెప్పకుండానే, అలాంటి వెసులుబాట్లు ఇచ్చిన న్యాయపండితులను ఒక్కొక్కరినీ ఉతికేస్తారు. అలా ఉతకడానికి మొదటి ఆధారంగా పెట్టుకున్నది ఈ సంకల్పాల హదీసునే.

అంటే బుఖారీ చేతిలో హదీసు ఒక సాక్ష్యం. ఒకే సాక్షిని ఏడు కేసుల్లో బోనెక్కించినట్టు, అవసరమైన ప్రతిచోటా తెచ్చి నిలబెడతారు. వాదన మాత్రం ఆయన నోటితో కాకుండా అధ్యాయ శీర్షికల్లో నడుస్తుంది. శీర్షికలోనే ఒక ఖుర్ఆన్ వాక్యం, ఒక సహచరుడి మాట, తన తీర్పు కలిపి రాస్తారు. "బుఖారీ ఫిఖ్హ్ ఆయన శీర్షికల్లో ఉంది" అని, అంటే ఆయన ధర్మశాస్త్ర తీర్పులు అక్కడే దొరుకుతాయని, పండితులు తరతరాలుగా చెప్పుకునేది అందుకే. కొన్నిచోట్ల శీర్షికకూ, కింద ఉన్న హదీసుకూ సంబంధం ఏమిటో వెంటనే బోధపడదు. దాన్ని విప్పడానికే విడిగా పుస్తకాలు పుట్టాయి.

ఇంకో సంగతి. ఏడుసార్లు చెప్పారంటే ఒకే ముక్కను ఏడుసార్లు అతికించారని కాదు. ఏడుచోట్లా ఏడుగురు వేర్వేరు గురువుల నుంచి తెచ్చారు. మాటల్లోనూ ఎక్కువ తక్కువలున్నాయి. మొదటి హదీసునే చూడండి. పూర్తి రూపంలో ఇందులో రెండు జంట వాక్యాలుంటాయి: ఎవరి వలస అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసమో వారి వలస అల్లాహ్‌కూ, ఆయన ప్రవక్తకే చెందుతుంది, ఎవరి వలస లోకసుఖం కోసమో, ఒక స్త్రీని పెళ్లాడటం కోసమో అది దానికే చెందుతుంది. కానీ గ్రంథం మొదటి పేజీలో ఈ రెండో వాక్యమే ఉంది, మొదటిది లేదు. అది బుఖారీకి తెలియక కాదు, మిగతా చోట్ల తానే రాశారు. పైగా ఈ హదీసు చెప్పిన ఆయన గురువు హుమైదీ సొంత సంకలనంలో కూడా పూర్తి పాఠం ఉంది. ఎందుకు కత్తిరించారనే దానిమీద వ్యాఖ్యాతలు పేజీలు నింపారు. ఆ వివరణల్లో నాకు నచ్చింది ఒకటుంది: పుస్తకానికి ముందుమాటలా ఈ హదీసును పెట్టుకున్న మనిషి, "నా వలస అల్లాహ్ కోసమే" అని తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకున్నట్టు కనిపించడానికి మొహమాటపడ్డారు అని. నిరూపించలేం గానీ, ఆ మనిషి తీరుకు సరిపోతుంది.

ఇప్పుడు ముస్లిం దగ్గరికి వెళ్దాం. అక్కడ ఈ హదీసు ఒక్కచోటే ఉంది. పరిపాలన, యుద్ధం గురించిన అధ్యాయంలో, పేరు కోసం పోరాడి చనిపోయినవాడి గతి ఏమిటో చెప్పే హదీసుల వెనకాలే వస్తుంది. సందర్భం సరిగ్గా కుదిరింది. కానీ ముస్లిం అసలు పనితనం సందర్భంలో లేదు, ఆ ఒక్కచోటే ఆయన పరిచిన సరంజామాలో ఉంది. మొదట మదీనా పండితుడు మాలిక్ ద్వారా వచ్చిన పాఠాన్ని పూర్తిగా ఇస్తారు. ఆ వెంటనే, ఇదే మాటను మాలిక్ గురువు యహ్యా ఇబ్న్ సయీద్ నుంచి ఇంకెవరెవరు చెప్పారో వరుసగా పేర్లు పెడతారు: లైస్, హమ్మాద్, అబ్దుల్ వహ్హాబ్, అబూ ఖాలిద్, హఫ్స్, యజీద్, ఇబ్నుల్ ముబారక్, సుఫ్యాన్. మాలిక్‌తో కలిపి తొమ్మిది మంది. మాట మళ్లీ రాయరు, "అందరూ మాలిక్ గొలుసుతోనే, అదే అర్థంతోనే" అని ఒక్క వాక్యంలో తేలుస్తారు. అక్కడితో ఆగకుండా ఒక చిన్న గుర్తు తగిలిస్తారు: సుఫ్యాన్ పాఠంలో మాత్రం "మింబర్ మీద ఉమర్ చెబుతుండగా నేను విన్నాను" అనే మాట ఉంది అని. మింబర్ అంటే మసీదులో ప్రసంగ వేదిక.

ముస్లిం స్వభావమంతా ఆ చిన్న గుర్తులో ఉంది. ఒకే హదీసు వేర్వేరు దారుల్లో వచ్చినప్పుడు ఎక్కడ ఒక పదం మారింది, ఎవరు ఏ మాట కలిపారు అన్నది పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ఇద్దరు గురువుల నుంచి కలిపి రాస్తే "పదాలు మాత్రం ఫలానావారివి" అని చెప్పకుండా ముందుకు కదలరు. గురువు చదువుతుంటే శిష్యుడు వింటే "హద్దసనా", శిష్యుడు చదువుతుంటే గురువు వింటే "అఖ్బరనా" అని విడివిడిగా రాస్తారు. బుఖారీకి ఈ రెండు పదాలూ ఒకటే.

ముస్లిం ముద్రిత ప్రతుల్లో కనిపించే ఉపశీర్షికలు ఆయన రాసినవి కావు. హదీసులను విషయవారీగా పేర్చారు తప్ప పేర్లు పెట్టలేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న శీర్షికలు ప్రధానంగా 13వ శతాబ్దపు వ్యాఖ్యాత నవవీవి. అందుకే "ఇమామ్ ముస్లిం ఈ హదీసుకు ఫలానా శీర్షిక పెట్టారు, కాబట్టి ఆయన అభిప్రాయం ఇదీ" అని ఎవరైనా అంటే ఆ వాదన నిలవదు. అదే మాట బుఖారీ గురించి అంటే నిలుస్తుంది.

ఈ నిర్మాణం అర్థమైతే అంకెల గందరగోళం కూడా విడిపోతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ లెక్కలో బుఖారీలో 7,563 హదీసులు, ముస్లింలో 3,033. ఇది చూసి బుఖారీ రెట్టింపు పెద్దదని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ సంకల్పాల హదీసుకు ఏడు నంబర్లు పడ్డాయి. ఇక్కడ తొమ్మిది మంది చెప్పినదంతా కలిపి ఒక్క 1907. పునరుక్తులు తీసేస్తే బుఖారీలో మిగిలేది సుమారు 2,600 అని, ఆ గ్రంథానికి అత్యంత పేరున్న వ్యాఖ్య రాసిన ఇబ్న్ హజర్ లెక్క తేల్చారు. ముస్లిం నంబర్లు ప్రతిని బట్టి కూడా మారతాయి. కొన్ని ప్రచురణల్లో ప్రతి గొలుసుకూ విడి నంబరు ఉంటుంది. 1907 తెరిస్తే ఇంకేదో హదీసు కనిపించిందంటే, రెఫరెన్స్ తప్పు కాకపోవచ్చు, చేతిలో ఉన్నది వేరే ప్రతి కావచ్చు.

ఇక ఎంపిక ప్రమాణాలు. ఇద్దరిలో బుఖారీ తన షరతులు ఇవీ అని ఎక్కడా రాసిపెట్టలేదు. ముస్లిం ఒక ముందుమాట రాశారు, అందులోనూ పూర్తి జాబితా లేదు. తర్వాతి పండితులు ఆ పుస్తకాలను చదివి, ఎవరి నుంచి తీసుకున్నారో, ఎవరిని వదిలేశారో చూసి వాటిని రాబట్టారు. అలా రాబట్టడంలో పొరపాట్లూ జరిగాయి. ప్రతి దశలోనూ కనీసం ఇద్దరు చెబితేనే ఈ గ్రంథాల్లోకి హదీసు ఎక్కిందని ఒక అభిప్రాయం చాలాకాలం తిరిగింది. దాన్ని పడగొట్టడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు, బుఖారీ మొదటి హదీసు చాలు. నమ్మదగిన దారిలో దాన్ని ఉమర్ నుంచి చెప్పింది అల్ఖమా ఒక్కరే. అల్ఖమా నుంచి ముహమ్మద్ ఇబ్న్ ఇబ్రాహీం ఒక్కరే. ఆయన నుంచి యహ్యా ఇబ్న్ సయీద్ ఒక్కరే. యహ్యా దగ్గరికి వచ్చాకే గోదావరి పాయల్లా వందల శిష్యుల్లోకి చీలింది. సంఖ్య కాదు, ఆ ఒక్కరు ఎలాంటివారన్నదే చూశారన్నమాట.

నిజమైన తేడా ఒక చిన్న అరబ్బీ పదం దగ్గర ఉంది: "అన్". అంటే "ఫలానావారి నుంచి". "నేను విన్నాను", "నాకు చెప్పారు" అంటే నేరుగా విన్నట్టే. కానీ "ఫలానావారి నుంచి" అంటే? నేరుగా విని ఉండొచ్చు, మధ్యలో ఇంకొకరు ఉండి వారి పేరు ఎగిరిపోయి ఉండొచ్చు. మన దగ్గర "రామారావుగారి నుంచి తెలిసింది" అంటే రామారావుగారే చెప్పారో, వారి తమ్ముడు చెప్పాడో తేలనట్టు.

మన హదీసులోనే ఇది కనిపిస్తుంది. బుఖారీ మొదటి పేజీలో ఎంచుకున్న సుఫ్యాన్ పాఠంలో, యహ్యా మొదలుకుని పైదాకా ప్రతి కొక్కెం దగ్గరా వినికిడి పదం ఉంది: యహ్యా "నాకు చెప్పారు" అంటారు, ముహమ్మద్ ఇబ్న్ ఇబ్రాహీం అల్ఖమా నుంచి "విన్నారు", అల్ఖమా "ఉమర్ నుంచి మింబర్ మీద విన్నాను" అంటారు, ఉమర్ "ప్రవక్త నుంచి విన్నాను" అంటారు. ముస్లిం ముందు పెట్టిన మాలిక్ పాఠంలో మాత్రం మాలిక్ నుంచి ఉమర్ దాకా వరుసగా "అన్, అన్, అన్, అన్". అలాగని బుఖారీ "అన్" అంటేనే తోసిపుచ్చేవారని కాదు, ఇదే మాలిక్ పాఠాన్ని విశ్వాసం అధ్యాయంలో తానూ ఇచ్చారు. ప్రశ్న ఏమిటంటే, "అన్" ఎదురైనప్పుడు దాన్ని నేరుగా విన్నట్టు ఎప్పుడు లెక్కించాలి?

బుఖారీ పద్ధతి ప్రకారం, ఆ ఇద్దరూ జీవితంలో కనీసం ఒక్కసారైనా కలిశారని ఎక్కడో ఒకచోట రుజువు దొరకాలి. ముస్లిం మాత్రం, ఇద్దరూ ఒకే కాలంలో బతికి ఉండి, కలవడానికి వీలుండి, చెప్పేవాడికి మధ్యవారి పేర్లు మింగేసే అలవాటు లేకపోతే చాలన్నారు. తన ముందుమాటలో ఈ విషయంలో ఆయన గొంతు బాగా పెరుగుతుంది. కలిసిన రుజువు కావాలనడం పూర్వులెవరూ అడగని కొత్త షరతు అని, పేరు చెప్పకుండా ఎవరినో ఏకిపారేస్తారు. ఆ ఎవరో బుఖారీయా, బుఖారీ గురువు అలీ ఇబ్న్ మదీనీయా, వీళ్లిద్దరూ కాని ఇంకెవరైనానా అన్నది నేటికీ తేలని వాదం.

ముస్లిం ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి: అబ్దుల్లాహ్ ఇబ్న్ యజీద్ అన్సారీ. ప్రవక్తను చూసినవారు. ఆయన అబూ మస్ఊద్ నుంచి ఒక హదీసు చెప్పారు, కానీ నేరుగా విన్నానన్న మాట ఏ పాఠంలోనూ లేదు, అయినా దాన్ని ఎవరూ బలహీనం అనలేదు కదా అని ముస్లిం నిలదీస్తారు. తమాషా ఏమిటంటే, భార్యాపిల్లల మీద పెట్టే ఖర్చు దానమే అన్న ఆ హదీసు బుఖారీలో బద్ర్ యుద్ధ వీరుల ప్రస్తావన దగ్గర వస్తుంది. అక్కడ అబ్దుల్లాహ్ ఇబ్న్ యజీద్ అబూ మస్ఊద్ నుంచి "విన్నారు" అనే ఉంది. ముస్లిం లేదన్న రుజువు బుఖారీ చేతిలో ఉందన్నమాట. దీంతో ముస్లిం సూత్రం కూలిపోదు గానీ, బుఖారీ షరతు ఆచరణలో అసాధ్యమేమీ కాదని తెలుస్తుంది.

మనుషుల ఎంపికలో కూడా ఇలాంటి గీతే ఉంది. 12వ శతాబ్దపు పండితుడు హాజిమీ దీన్ని జుహ్రీ శిష్యుల ఉదాహరణతో వివరించారు. జుహ్రీ చాలా పెద్ద గురువు, శిష్యులు లెక్కలేనంతమంది. మాలిక్, ఇబ్న్ ఉయైనా లాంటివారు ఏళ్లతరబడి ఆయన దగ్గర ఉండి, జ్ఞాపకశక్తిలోనూ గట్టివారు, అది మొదటి వరుస. ఔజాయీ, లైస్ కూడా గట్టివారే, కానీ జుహ్రీతో గడిపిన కాలం తక్కువ, అది రెండో వరుస. బుఖారీ మొదటి వరుసను ఆధారం చేసుకుని, రెండో వరుస నుంచి ఏరి తీసుకుంటారు. ముస్లిం రెండు వరుసలనూ తీసుకుని, మూడో వరుస నుంచి ఏరుకుంటారు. ఎక్కువమంది పండితులు బుఖారీని ఒక మెట్టు పైన పెట్టడానికి ఇదొక ముఖ్య కారణం. ఉత్తరాఫ్రికా పండితుల్లో కొందరు ముస్లింవైపే మొగ్గారు, అదీ ఎక్కువగా అమరిక అందం చూసి.

అలాగని బుఖారీ జల్లెడ ప్రతిచోటా సన్నం, ముస్లిం జల్లెడ ప్రతిచోటా ముతక అనుకుంటే మళ్లీ తప్పే. ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ శిష్యుడు ఇక్రిమా మీద విమర్శలుండేవి. బుఖారీ ఆయన్ను ధీమాగా వాడుకున్నారు, ముస్లిం దాదాపు దూరం పెట్టారు. సుహైల్ ఇబ్న్ అబీ సాలిహ్ విషయంలో సరిగ్గా తిరగబడింది, ముస్లిం బాగా తీసుకున్నారు, బుఖారీ తప్పించుకున్నారు. ఇద్దరు అనుభవజ్ఞులైన జడ్జీలు ఒకే సాక్షిని వేర్వేరుగా తూచినట్టు ఉంటుంది.

ఈ ఉల్లేఖకుల గురించి ఎవరు ఏమన్నారో వెతకాలంటే తెరవాల్సిన పెద్ద నిఘంటువుల్లో ఇబ్న్ హజర్ రాసిన తహ్జీబుత్ తహ్జీబ్ ఒకటి, బుఖారీ సొంతంగా రాసిన తారీఖుల్ కబీర్ ఇంకొకటి. ఈ రెండింటినీ అచ్చువేసి లోకానికి అందించింది హైదరాబాద్‌లోని ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫ్. హైదరాబాదీ సంబంధం ఇంకొకటి ఉంది, అది నేరుగా మన విషయానికే తగులుతుంది.

ప్రవక్త సహచరుడు అబూ హురైరా శిష్యుడు హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ తన గురువు చెప్పిన సుమారు 138 హదీసులను ఒక చిన్న పుస్తకంగా రాసుకున్నారు, దాన్ని సహీఫా అంటారు. బుఖారీ, ముస్లింల కంటే ఒక శతాబ్దానికి పైగా పాతది. దాని రాతప్రతులను వెతికి ప్రచురించింది హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లాహ్. ఆ చిన్న పుస్తకానికి పైన ఒకటే గొలుసు, కింద హదీసులన్నీ వరుసగా ఉంటాయి. మరి మధ్యలోని ఒక హదీసును ఎత్తి చూపాలంటే ఎలా? గొలుసు ఉన్నది మొదటి హదీసుకు కదా.

ప్రమాణాల అధ్యాయంలో ఇద్దరూ ఈ సహీఫా నుంచి ఒకే హదీసు తీసుకున్నారు: ఇంటివారికి నష్టం చేసే ఒట్టు మీద మొండిగా నిలబడటం, పరిహారం చెల్లించి ఆ ఒట్టు విడవడం కంటే పెద్ద పాపం అని. బుఖారీ గొలుసు చెప్పి, ముందు సహీఫాలోని మొదటి హదీసు రాశారు: "మనం చివర వచ్చినవాళ్లం, ప్రళయదినాన ముందుండేవాళ్లం". ఆ తర్వాత ఒట్టు హదీసు. తెలియనివారు చదివితే ఒట్టుకూ, ప్రళయానికీ లింకేమిటని బుర్ర గోక్కోవాలి. ముస్లిం అలా చేయలేదు. "ఇవీ అబూ హురైరా మాకు చెప్పినవి" అని హమ్మామ్ మాట రాసి, "ఆయన కొన్ని హదీసులు చెప్పారు, వాటిలో ఒకటి" అని కలిపి, నేరుగా ఒట్టు హదీసు ఇచ్చారు. ఇది పెద్ద పుస్తకంలోని ఒక ముక్క అని చదివేవాడికి దాపరికం లేకుండా చెప్పినట్టైంది. రెండు పద్ధతులూ నిజాయితీవే, ముస్లింది పాఠకుడికి తేలిక.

బుఖారీని వాడేటప్పుడు జాగ్రత్తపడాల్సిన చోటు ఇంకొకటుంది. శీర్షికల్లో ఆయన గొలుసు లేకుండానో, మొదటి కొన్ని పేర్లు వదిలేసో ఇచ్చే మాటలు వెయ్యికి పైగా ఉన్నాయి. వీటిని ముఅల్లఖ్ అంటారు. చాలావాటికి పూర్తి గొలుసు అదే పుస్తకంలో ఇంకోచోట దొరుకుతుంది, దొరకనివి నూట అరవై దాకా ఉన్నాయి. "సహీహ్" ముద్ర పుస్తకం అట్టమీద ఉంది కదా అని వీటికీ అంటించకూడదు. "ఫలానావారు అన్నారు" అని గట్టిగా చెబితే ఒక బరువు, "అన్నారని చెబుతారు" అని నసిగితే ఇంకో బరువు. ముస్లింలో ఇలాంటివి చాలా తక్కువ, పదీ పన్నెండు. కాబట్టి "బుఖారీలో ఉంది" అని ఎవరైనా అంటే, నంబరున్న హదీసా, శీర్షికలోని మాటా అని అడగాలి. ఇద్దరి మీదా లోపాలు ఎంచిన పండితులు సంప్రదాయం లోపలే ఉన్నారు. 10వ శతాబ్దంలో దారఖుత్నీ రెండు గ్రంథాల్లోనూ కలిపి రెండు వందల దాకా హదీసుల గొలుసులను ప్రశ్నించారు, తర్వాతి పండితులు వాటికి జవాబులూ రాశారు.

ఇక, ఈ రెండింటిలో లేని హదీసు సంగతి. ఇది ముస్లిం బతికి ఉండగానే లేచిన గొడవ. రయ్ నగరపు హదీసు దిగ్గజం అబూ జుర్ఆ ఆ గ్రంథం చూసి మండిపడ్డారు. ఒకటి, అస్బాత్ ఇబ్న్ నస్ర్ లాంటి బలం చాలని వాళ్లనుంచి తీసుకున్నావేంటని. రెండు, రేపు ఎవరితోనైనా వాదనకు దిగి హదీసు చూపిస్తే "ఇది సహీహ్ పుస్తకంలో లేదుగా" అని తప్పించుకునే దారి వాళ్లకు నువ్వే ఇచ్చావని. మొదటిదానికి ముస్లిం చెప్పిన జవాబు ఇది: ఆ హదీసులు గట్టివాళ్ల ద్వారా అందరికీ తెలిసినవే, కానీ వాళ్ల దారిలో నా దాకా గొలుసు పొడుగు, వీళ్ల దారిలో ఒక మెట్టు తక్కువ, అందుకే వీళ్లది రాసి ఊరుకున్నాను. రెండోదానికి ఇంకా చిన్న జవాబు: నేను వీటిని సహీహ్ అన్నాను, నేను రాయనివి బలహీనం అని ఎక్కడా అనలేదు.